మన కార్యాలయంలో ఈ-ఆఫీస్: ఐడీకి దరఖాస్తు, శిక్షణ రోజులు, ఇబ్బంది వస్తే ఎవరిని అడగాలి

హనుమకొండలోని మన కార్యాలయ సిబ్బంది అందరికీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నుంచి.

వచ్చే నెల మొదటి పని దినం నుంచి మన దగ్గర తెరిచే ప్రతి కొత్త ఫైలూ ఈ-ఆఫీస్‌లోనే తెరుస్తాం. ఇది ఎన్‌ఐసీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్. నోట్ ఫైలు తెర మీద ఎడమవైపు, కరెంట్ ఫైలు కుడివైపు ఉంటాయి కాబట్టి పాత పద్ధతి తెలిసినవాళ్లకు చూపు త్వరగా అలవాటవుతుంది. ఇప్పటికే నడుస్తున్న కాగితం ఫైళ్లలో వేటిని స్కాన్ చేయాలో మీ సూపరింటెండెంట్ చెబుతారు. ముగింపుకొచ్చిన వాటిని కాగితం మీదే ముగించవచ్చు.

ముందు ఐడీ

దరఖాస్తు ఫారం మా సెక్షన్‌లో ఉంది, ఒక్క పేజీయే. పేరు, ఎంప్లాయీ ఐడీ, హోదా, సెక్షన్, పుట్టిన తేదీ, పదవీ విరమణ తేదీ, సొంత మొబైల్ నంబరు రాసి, సూపరింటెండెంట్ సంతకంతో మాకు ఇవ్వాలి. ప్రభుత్వ ఈ-మెయిల్ లేనివాళ్లు అదే ఫారంలో ఆ గడి నింపితే రెండింటికీ కలిపి పంపిస్తాం. లాగిన్‌కు ఆ మెయిలే ఆధారం.

రెండు గడుల దగ్గర నిదానించండి. ఒకటి పదవీ విరమణ తేదీ. ప్రభుత్వ మెయిల్ ఖాతా గడువును ఆ తేదీని బట్టే పెడతారు. మన రాష్ట్రంలో విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగింది. అంతకుముందు తయారైన కాగితాల్లో 58 లెక్కన వేసిన తేదీ ఉంటే, దాన్ని చూసి ఎక్కించొద్దు. అలా ఎక్కిస్తే ఇంకా మూడేళ్ల సర్వీసు మిగిలి ఉండగానే మెయిల్ ఆగిపోతుంది, దానితోపాటు లాగిన్ కూడా. సర్వీస్ రిజిస్టర్‌లోని పుట్టిన తేదీ నుంచి లెక్కవేసి, 61 ఏళ్లు నిండే నెల చివరి తేదీని రాయండి.

రెండోది మొబైల్ నంబరు. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. ఇంట్లో వాళ్ల నంబరో, రీఛార్జి లేని పాత సిమ్ నంబరో ఇస్తే మీరు ఆఫీసులో కూర్చుని కూడా లోపలికి వెళ్లలేరు.

సంతకం చేసే అధికారులకు డీఎస్‌సీ, అంటే యూఎస్‌బీ టోకెన్‌లో ఉండే డిజిటల్ సంతకం, విడిగా కావాలి. ఈ సంతకానికి ఐటీ చట్టం 2000 ప్రకారం చెల్లుబాటు ఉంది. టోకెన్ పాస్‌వర్డ్ పదే పదే తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది. అప్పుడు సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవాల్సి రావచ్చు. రెండుసార్లు తప్పు పడితే ఆగి మమ్మల్ని పిలవండి. టోకెన్‌ను, పాస్‌వర్డ్‌ను సీసీ చేతికి ఇవ్వడం అంటే సంతకాన్నే ఇచ్చేయడం. దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు.

ఒక అర్జీ ఎలా నడుస్తుందంటే

పరకాల నుంచి అంగన్‌వాడీ భవనం పైకప్పు కురుస్తోందని ఒక అర్జీ వచ్చిందనుకుందాం. టప్పాళ్ల గుమాస్తా దాన్ని పీడీఎఫ్‌గా స్కాన్ చేసి, Receipts లోకి ఎక్కించి, అర్జీదారు పేరు, ఊరు, విషయం నింపి డైరీలో నమోదు చేస్తారు. వెంటనే ఒక నంబరు వస్తుంది. దాన్ని అర్జీదారుకు రాసి ఇవ్వాలి. రేపు ఆయన ఫోన్ చేసినా ఆ నంబరు పెట్టి చూస్తే అర్జీ ఎవరి దగ్గరుందో తెలిసిపోతుంది.

అర్జీ సెక్షన్‌కు చేరాక అసిస్టెంట్ దాన్ని ఫైల్లో పెడతారు. కొత్త ఫైలైతే విషయం రాయడం దగ్గరే అసలు పని ఉంది. ‘అంగన్‌వాడీ అర్జీ’ అని రాస్తే ఆర్నెల్ల తర్వాత వెతికినప్పుడు అలాంటివి ఎన్నో కనిపిస్తాయి, మనకు కావలసింది దొరకదు. ‘హనుమకొండ జిల్లా, పరకాల మండలం, అంగన్‌వాడీ కేంద్రం, భవనం పైకప్పు మరమ్మతు’ అని రాయండి. జిల్లా పేరు విషయంలో మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ జిల్లా అయింది. పాత ఫైలును స్కాన్ చేసి ఎక్కిస్తున్నప్పుడు కొత్త పేరు రాసి, పక్కనే పాత పేరూ రాస్తే ఏ పేరుతో వెతికినా ఫైలు బయటికొస్తుంది.

నోటు రాసేటప్పుడు Yellow Note అంటే చిత్తు, మార్చుకోవచ్చు. Green Note రాసి ఫైలు పంపాక అది శాశ్వతం, కొట్టివేతలు ఉండవు. పొరపాటున వేరేవాళ్లకు పంపితే, వాళ్లు తెరవకముందు Sent లోకి వెళ్లి Pull Back చేసుకోవచ్చు. తెరిచాక వాళ్లే తిప్పి పంపాలి. సూపరింటెండెంట్ చూసి పైకి పంపాక, అధికారి ఉత్తరం ముసాయిదాను ఆమోదించి డీఎస్‌సీతో సంతకం చేస్తారు, ఉత్తరం అక్కడి నుంచే బయటికి వెళ్తుంది.

తెలుగు టైపింగ్

అందరికంటే ఎక్కువ ఇబ్బంది ఇక్కడే వస్తుంది. మనలో చాలామంది ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేస్తున్నాం. అవి యూనికోడ్ కావు. అను అక్షరాలను కాపీ చేసి నోటులో అతికిస్తే తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. అది కంప్యూటర్ లోపం కాదు, ఫాంటు తేడా. అనులో చేసిన ఉత్తరాన్ని పీడీఎఫ్ చేసి జతచేస్తే చదవడానికి బాగానే ఉంటుంది గానీ, అందులోని తెలుగు మాటలు పెట్టి వెతికితే దొరకవు.

అందుకే నోట్లు, ముసాయిదాలు యూనికోడ్‌లోనే ఉండాలి. విండోస్‌లో సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగును చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే ఇంగ్లిష్‌కీ తెలుగుకీ మధ్య మారొచ్చు. మీట్ల అమరిక అను కంటే వేరు కాబట్టి మొదట్లో వేగం తగ్గుతుంది. ఆ రోజుల్లో నోటు ఆలస్యమైందని ఎవరినీ తప్పుపట్టొద్దని సూపరింటెండెంట్లకు చెప్పాం.

శిక్షణ

సోమవారం ప్రజావాణి కాబట్టి ఆ రోజు ఏమీ పెట్టలేదు. వచ్చే వారం మంగళవారం టప్పాళ్ల గుమాస్తాలు, స్కానింగ్ చేసే అటెండర్లు; బుధవారం జూనియర్, సీనియర్ అసిస్టెంట్లు; గురువారం సూపరింటెండెంట్లు, అధికారులు. అన్ని రోజులూ ఉదయం 10.30 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు, మీటింగ్ హాల్లో. బుధవారం అసిస్టెంట్లు ఎక్కువమంది కాబట్టి సగం మంది ఉదయం, మిగతా సగం మధ్యాహ్నం 2.30 నుంచి వస్తారు. ఏ సెక్షన్ కూడా ఖాళీ కాకూడదు. శుక్రవారం తెలుగు టైపింగ్ అభ్యాసం, ఎవరైనా రావచ్చు. ఐడీ ఫారం ఈ శుక్రవారంలోగా ఇచ్చినవాళ్లు శిక్షణలో సొంత లాగిన్‌తో కూర్చుంటారు. ఇవ్వనివాళ్లు పక్కవాళ్ల తెర చూడాల్సిందే, అలా చూసి నేర్చుకోవడం కష్టం.

ఇబ్బంది వస్తే

ప్రతి సెక్షన్‌కు ఒక మాస్టర్ ట్రైనర్‌ను పెట్టాం. పేరు, ఇంటర్‌కమ్ నంబరు మీ సెక్షన్ గోడ మీద ఉంటాయి, మొదట వాళ్లనే అడగండి. లాగిన్, హోదా మార్పు, బదిలీల పని మా సెక్షన్‌ది. టోకెన్, నెట్‌వర్క్, సర్వర్ సమస్యల కోసం జిల్లా ఎన్‌ఐసీ కార్యాలయంతో మేమే మాట్లాడతాం, మీరు విడిగా ఫోన్ చేయనక్కర్లేదు.

బదిలీ అయినా, విరమణ అయినా రిలీవ్ కావడానికి ముందే మాకు చెప్పండి. ఫైళ్లు మీ పేరు మీద, మీ సీటు మీద ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు వాటిని మార్చకపోతే ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోతాయి, అర్జీదారు మాత్రం తిరుగుతూనే ఉంటాడు. ఛార్జి అప్పగించే కాగితం మీద ఇకపై ఇన్‌బాక్స్‌లోని ఫైళ్ల సంఖ్య కూడా రాయాలి.

సమస్య చెప్పేటప్పుడు ‘పని చేయట్లేదు’ అని కాకుండా ఫైలు నంబరు, ఏ మీట నొక్కాక ఏం వచ్చిందో చెప్పండి. తెర మీద వచ్చిన సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీసి చూపిస్తే ఇంకా మేలు. ఓటీపీని మాత్రం మా సెక్షన్ వాళ్లతో సహా ఎవరికీ చెప్పొద్దు.