స్క్రీన్‌షాట్‌లో నంబర్ దాచినా కనబడుతోందా? కారణం ఇదీ, ఇలా సరిచేయాలి

మిర్యాలగూడ దిక్కు యాసంగి నాట్లప్పుడు ఎరువుల దుకాణాల్లో ఇప్పుడు ఫోన్ పేమెంట్లే ఎక్కువ. పైసలు ఖాతాలో కట్ అయి దుకాణపాయనకు చేరకపోతే, ఆ పేమెంట్ స్క్రీన్‌షాట్ తీసి ఏఐ చాట్ టూల్‌లో పెట్టి "బ్యాంకుకు ఫిర్యాదు రాసివ్వు" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. అడగండి, తప్పులేదు. కానీ ఆ ఒక్క బొమ్మలో దుకాణదారు ఫోటో, పేరు, నంబర్, మీ ఖాతా చివరి అంకెలు, ఆ పేమెంట్‌ను గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబర్ అన్నీ ఉంటాయి. ఆయన ఫోటో, ఆయన నంబర్ మనం ఎక్కడికో పంపడానికి ఆయనైతే ఒప్పుకోలేదు కదా. అందుకే దాచి పంపాలి, సరిగ్గా దాచాలి.

సమస్య: నల్లగా గీశాను, అయినా జవాబులో ఆ నంబర్ వచ్చింది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మీరు వాడింది పెన్ను కాదు, దాని పక్కనుండే హైలైటర్. అది కింది అక్షరాలు కనిపించేలా గీయడానికే ఉంది. నల్లరంగు తీసుకుని నాలుగైదు సార్లు గీస్తే మన కంటికి పూర్తిగా మూసుకుపోయినట్టే ఉంటుంది గానీ, గీత కింద అంకె ఉన్నచోటుకూ లేనిచోటుకూ నలుపులో చిన్న తేడా మిగిలిపోతుంది.

పంపేముందు మీరే చూసుకోవచ్చు. గ్యాలరీలో ఆ బొమ్మ తెరిచి, ఎడిట్‌లోకి వెళ్లి బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్, షాడోస్ మూడూ చివరిదాకా పెంచండి. అంకెలు తేలితే దాచినట్టు కాదు. తేలకపోతే సరే, సేవ్ చేయకుండా బయటికి రండి.

సరిచేయడం తేలిక. మామూలు పెన్ను తీసుకుని, దాని ఒపాసిటీ 100 ఉందో లేదో చూసి, లావు పెంచి గీయండి. ఇంకా మంచిది డబ్బా పెట్టడం: ఐఫోన్ మార్కప్‌లో ప్లస్ గుర్తు నొక్కితే ఆకారాలు వస్తాయి, చతురస్రం పెట్టి లోపల రంగు నింపండి. అంచు గీత మాత్రమే ఉంచితే లోపల అంతా కనిపిస్తూనే ఉంటుంది.

సమస్య: మొజాయిక్ పెట్టాను, అది చాలదా?

ముఖానికి పెద్ద గళ్ల మొజాయిక్ కొంతవరకు పనిచేస్తుంది, అంకెలకు మాత్రం నమ్మొద్దు. అక్కడ ఉండగలిగేవి సున్నా నుంచి తొమ్మిది దాకా పదే, అక్షరాల రూపం కూడా ఆ యాప్‌లో అందరికీ ఒకటే. అంటే ఒక్కో అంకెనూ అలాగే మసకచేసి పక్కన పెట్టి పోల్చుకుంటే ఏదో తెలిసిపోతుంది. ఇలా పోల్చి బయటపెట్టే ప్రోగ్రాములు ఇప్పటికే ఉన్నాయి. నంబర్లకు, పేర్లకు నిండు నలుపు డబ్బానే. నిజానికి ముఖానికీ అదే పెట్టేయండి, ఫిర్యాదు రాయడానికి ముఖంతో పనేముంది?

సమస్య: నంబర్ పూర్తిగా మూశాను, అయినా తెలిసిపోయింది

ఈ పొరపాటు ఎక్కువమందికి తట్టదు. అదే నంబర్ అదే తెరమీద ఇంకోచోట ఉంటుంది. పైన మొబైల్ నంబర్ మూశారు, సరే, కింద యూపీఐ ఐడీ `9xxxxxxxxx@ybl` అని ఉంటే మొబైల్ నంబర్ అందులోనే ఉంది. పేరు మూశారు, కానీ పైన పట్టీలో అప్పుడే దిగిన మెసేజ్‌లో ఇంకొకరి పేరు ఉంది. సగం మూయడమూ ఇంతే: పదిలో నాలుగు అంకెలే దాస్తే మిగిలేవి 10,000 అవకాశాలు, ప్రోగ్రాముకు అదెంత పని!

దుకాణం క్యూఆర్ కోడ్ కూడా బొమ్మలో పడితే మధ్యలో ఒక గీత గీసి వదిలేయకండి. కొంతభాగం చెడిపోయినా చదవగలిగేలా దాన్ని తయారుచేస్తారు, కొన్ని కోడ్‌లు దాదాపు 30 శాతం పోయినా స్కాన్ అవుతాయి. మొత్తం మూయాలి, లేదా క్రాప్ చేసి తీసేయాలి.

నేనైతే ముందు క్రాప్ చేస్తాను. పైన నోటిఫికేషన్ పట్టీ, కింద అక్కర్లేని భాగం పోతే, మూయాల్సింది సగానికి తగ్గుతుంది. ఆ తర్వాత పైనుంచి కిందికి ఒక్కో వరుసా చదువుతూ డబ్బాలు పెట్టండి.

సమస్య: అన్నీ చేశాను, కానీ దాచని బొమ్మే వెళ్లింది

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎడిట్ చేసింది కాపీగా సేవ్ అవుతుంది, అసలుది పక్కనే ఉంటుంది. చాట్‌లో ఎంచుకునేటప్పుడు చిన్న బొమ్మల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. మరో చిక్కు పాతది: గూగుల్ పిక్సెల్ మార్కప్‌లో ఒక లోపం వల్ల, క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్ ఫైల్‌లోనే తీసేసిన భాగం కొంత మిగిలిపోయేది. 2023 మార్చి అప్‌డేట్‌తో సరిచేశారు గానీ, అంతకుముందు క్రాప్ చేసిన పాత బొమ్మలు బాగుపడవు.

రెంటికీ ఒకటే మందు. దాచడం అయ్యాక ఆ బొమ్మను తెరమీద పూర్తిగా తెరిచి, దానికే మళ్లీ స్క్రీన్‌షాట్ తీయండి. కొత్త ఫైల్‌లో తెరమీద కనిపించింది తప్ప కింద ఏమీ ఉండదు. గ్యాలరీలో అన్నిటికన్నా కొత్తది అదే కాబట్టి, అప్పుడే పంపితే ఎంచుకోవడంలో టెన్షన్ కూడా ఉండదు.

ఇంకొక్కటి. నల్లడబ్బాలు పెడితే ఏది ఏమిటో తెలియక ఫిర్యాదు సరిగా రాదనుకుంటే, డబ్బా మీద తెల్లరంగులో "యూటీఆర్ నంబర్", "దుకాణం పేరు" అని టెక్స్ట్ పెట్టండి. ఉత్తరంలో ఆ చోట్లు ఖాళీగా వస్తాయి. అసలు అంకెలు బ్యాంకుకు ఇచ్చేముందు మీరే నింపుకోండి.