తుఫానుల కాలానికి ముందు కన్సోల్‌కు, రౌటర్‌కు చేసుకోవలసిన కరెంటు ఏర్పాట్లు

కోనసీమలో అక్టోబరు, నవంబరు నెలల్లో గాలి కాస్త గట్టిగా వీచి కొబ్బరిమట్ట తీగల మీద పడితే కరెంటు పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు కూడా రెండు మూడు సార్లు వచ్చి పోయాకగాని నిలబడదు. ఆట సేవ్ అవుతున్నప్పుడో, అప్‌డేట్ ఎక్కుతున్నప్పుడో ఇలా కరెంటు తెగితే స్టోరేజీలో ఫైలు సగంలో ఆగిపోయి పాడయ్యే ప్రమాదం ఉంది.

దీనికి స్పైక్ గార్డ్ ఒక్కటే చాలదు. అందులోని వేరిస్టర్లు క్షణకాలపు అధిక వోల్టేజీని పక్కకు మళ్లిస్తాయే తప్ప, కరెంటు పోతే ఒక్క సెకను కూడా ఆదుకోలేవు. పైగా దెబ్బ తిన్న కొద్దీ అవి అరిగిపోతాయి కాబట్టి రక్షణ సూచించే దీపం ఆరిపోయిన స్పైక్ గార్డ్‌ను మార్చివేయాలి. ఎన్ని జౌల్స్ శక్తిని తట్టుకోగలదో పెట్టె మీద రాసి లేకపోతే అది మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు కావచ్చు. ఇంటి ఎర్తింగ్ సరిగా లేకపోతే మంచిదైనా పూర్తిగా పనిచేయదు కనుక, ముందుగా ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించడం మంచిది.

అందుకే కరెంటు పోగానే తన బ్యాటరీతో కన్సోల్‌ను కాసేపు నడిపే యూపీఎస్ కూడా కావాలి. దాని ఎంపికలో వీఏ అంకెను కాక వాట్ల అంకెను చూడాలి. ఉదాహరణకు పీఎస్5 ఆటలో సుమారు 200 వాట్లు, 43 అంగుళాల టీవీ సుమారు 80 వాట్లు తీసుకుంటాయనుకుంటే మొత్తం 280 అవుతుంది. సాధారణంగా 360 వాట్లు మోసే 600 వీఏ యూపీఎస్ దీన్ని మోయగలదు గాని, అందులోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ అంత లోడు మీద కొద్ది నిమిషాలే నిలుస్తుంది. ఆ నిమిషాలు ఆట కొనసాగించడానికి కావు. బీప్ వినగానే ఆటను సేవ్ చేసి, `Turn Off PS5` నొక్కి కన్సోల్‌ను పూర్తిగా ఆపడానికి. `Enter Rest Mode` ఎంచుకుంటే కన్సోల్‌కు కరెంటు అవసరం అలాగే ఉంటుంది కాబట్టి, వానల రోజుల్లో దానిని వాడకపోవడమే మేలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారు దాని వెనుక స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే మారే ఆ కాస్త వ్యవధిలోనే కన్సోల్ ఆగిపోవచ్చు.

రౌటర్‌ను ఈ యూపీఎస్ మీద వేయనక్కరలేదు. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో చూసి, దానికి సరిపడే చిన్న డీసీ యూపీఎస్ విడిగా కొంటే, ఖర్చయ్యేది పది వాట్ల లోపే కనుక గంటల తరబడి నెట్ ఉంటుంది. ఉరుములు దగ్గరపడితే మాత్రం అన్ని ప్లగ్గులూ, కన్సోల్‌కు వెళ్లే ల్యాన్ తీగా పీకేయాలి.

కరెంటు వచ్చాక పది నిమిషాలు నిలబడనిచ్చి కన్సోల్ వేయాలి. ఆటలు తెరుచుకోకపోతే, ఆఫ్‌లో ఉండగా పవర్ బటన్‌ను రెండో బీప్ వరకు నొక్కి పట్టి, కంట్రోలర్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి, `Clear Cache and Rebuild Database` కింద `Rebuild Database` ఎంచుకోవాలి. `Reset PS5` జోలికి పోకూడదు, ఎందుకంటే అది సేవ్ చేసినవన్నీ చెరిపేస్తుంది.