టీమ్స్‌లో మెసేజ్ డిలీట్ చేశా, ఫైల్ మాత్రం ఇంకా ఓపెన్ అవుతోంది

పోయిన నెల మా టీమ్‌లో ఒకబ్బాయి పదకొండు మంది ఉన్న గ్రూప్ చాట్‌లో పొరపాటున ఇంక్రిమెంట్ల ఎక్సెల్ షీట్ పడేశాడు. నిమిషంలోపే మెసేజ్ డిలీట్ కొట్టి హమ్మయ్య అనుకున్నాడు, సాయంత్రం చూస్తే పక్క సీటతను అదే షీట్ ఓపెన్ చేసి కూర్చున్నాడు.

ఎందుకంటే చాట్‌లో కనపడేది ఆ ఫైల్‌కి లింకు మాత్రమే. అసలు ఫైల్ పంపినవాళ్ల వన్‌డ్రైవ్‌లో `Microsoft Teams Chat Files` అనే ఫోల్డర్‌లో కూర్చుంటుంది, చాట్‌లో ఉన్నవాళ్లకి పర్మిషన్ కూడా అప్పుడే వెళ్లిపోతుంది. మెసేజ్ పోయినా ఆ రెండూ అలాగే ఉంటాయి.

ఏం చెయ్యాలంటే ముందు ఆ ఫోల్డర్‌కి వెళ్లి ఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి `Manage access`లో షేరింగ్ ఆపెయ్యండి, తర్వాత ఫైల్ డిలీట్ చెయ్యండి, ఆ తర్వాతే మెసేజ్. డిలీట్ చేసిన ఫైల్ రీసైకిల్ బిన్‌లో 93 రోజులు ఉంటుంది కాబట్టి కావాలంటే అక్కడ కూడా ఖాళీ చేసుకోవచ్చు. ఈలోపు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే మాత్రం చేసేదేం లేదు, అడిగి తీయించుకోవడమే. ఛానల్‌లో పెట్టిన ఫైల్ అయితే వన్‌డ్రైవ్‌లో వెతక్కండి, అది ఆ టీమ్ షేర్‌పాయింట్ సైట్‌లో ఉంటుంది.

అసలు `Delete` ఆప్షనే రావట్లేదా? మీ యాప్ తప్పేం కాదు, అడ్మిన్ మెసేజింగ్ పాలసీలో యూజర్లు తమ మెసేజ్‌లు డిలీట్ చేసుకునే వీలు ఆపేసి ఉంటాడు, ఐటీకి టికెట్ వెయ్యడమే. ఇంకోటి, లిస్ట్‌లోంచి చాట్ మొత్తం తీసేస్తే అది మీకు మాత్రమే పోతుంది, అవతలివాళ్ల దగ్గర ఉంటుంది.

ఇక అందరికీ భయం పుట్టించేది: నేను డిలీట్ చేసిన మెసేజ్ హెచ్ఆర్ దగ్గరికెలా వెళ్లింది? కంపెనీ డేటాని అడ్మిన్లు కంట్రోల్ చేసే మైక్రోసాఫ్ట్ పర్వ్యూ అనే టూల్‌లో రిటెన్షన్ పాలసీ, అంటే మెసేజ్‌లు ఎన్నాళ్లు దాచి ఉంచాలన్న రూల్, పెట్టి ఉంటే, ఉదాహరణకి మూడేళ్లు అని, మీ స్క్రీన్ మీద పోయిన మెసేజ్ కాపీ మెయిల్‌బాక్స్‌లో `SubstrateHolds` అనే దాచిన ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఫైళ్లకి కూడా పాలసీ ఉంటే, మీరు బిన్ ఖాళీ చేసినా `Preservation Hold` లైబ్రరీలో కాపీ మిగులుతుంది. మీ మేనేజర్ మాత్రం ఇవి చూడలేడు, కంపెనీ డేటాలో వెతికే ఈడిస్కవరీ అనే రోల్ ఇచ్చినవాళ్లే వెతికి తీయగలరు. యూజర్ వైపు నుంచి దీనికి ఫిక్స్ లేదు, మా దగ్గర ఎన్నేళ్ల పాలసీ అని అడ్మిన్‌ని అడిగితే చెప్తాడు.

కొత్తగా చేరినవాళ్లకి పాత చాట్ కనపడుతోందంటే అది యాడ్ చేసినవాళ్ల పనే, గ్రూప్ చాట్‌లో యాడ్ చేసేటప్పుడు హిస్టరీ వద్దు, ఇన్ని రోజులది, మొత్తం అని అడుగుతుంది, చాలామంది చూడకుండా నొక్కేస్తారు. మామూలు ఛానల్‌లో ఆ ప్రశ్నే ఉండదు, టీమ్‌లో చేరినోళ్లకి మొదటి రోజు నుంచి అంతా కనిపిస్తుంది.