తొలకరికి ముందే వైపర్‌ను ఒకసారి పరీక్షించుకోండి

వైపర్ నెమ్మదిగా తిరుగుతోందనగానే చాలామంది మోటారు పోయిందనుకుంటారు. ఆటో ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను కాబట్టి ఈ మాట ఏటా జూన్‌లో వింటూనే ఉంటాను. తీరా విప్పి చూస్తే చాలాసార్లు మోటారు బాగానే ఉంటుంది. దాన్ని తిరగనివ్వకుండా పట్టి ఉంచేది ఇంకోటి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి కొత్త మోటారు వేస్తే, ఆ కొత్తదీ మళ్లీ వానాకాలం నాటికి కాలిపోతుంది.

పోయిన వానాకాలంలో ఒక మాస్టారి కారు వచ్చింది. పదేళ్ల పాత చిన్న కారు, రోజూ స్కూల్లో వేపచెట్టు కింద ఆగుతుంది. "అంతకుముందు ఏడాదే మోటారు మార్పించాను బాబూ. మళ్లీ అదే వరస. పెద్ద వానలో పది నిమిషాలు తిరిగి మధ్యలో ఆగిపోతుంది, కాసేపటికి దానంతటదే కదులుతుంది" అన్నారు. ఆగి, చల్లారాక మళ్లీ తిరుగుతోందన్న ఆ మాటలోనే సగం జవాబు ఉంది. చాలా వైపర్ మోటార్లలో వేడెక్కితే కరెంటు తెంచేసే చిన్న కట్‌అవుట్ ఉంటుంది. చల్లారగానే అది మళ్లీ కలుస్తుంది. అంటే మోటారు మీద మోయలేనంత బరువు పడుతోందన్నమాట.

ముందు అద్దం మీద నీళ్లు చల్లి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లో స్పీడులో నిమిషానికి ఎన్నిసార్లు వెళ్లి వస్తోందో లెక్కపెట్టాను. 26 వచ్చింది. చాలా కార్లలో ఇది 40కి అటూ ఇటూగా ఉంటుంది, హై స్పీడులో 60 దాకా వెళ్తుంది. తర్వాత బ్లేడ్లను పట్టి ఉంచే రెండు వైపర్ చేతులనూ అద్దం మీద నుంచి పైకి లేపి మళ్లీ లెక్కపెడితే 28. ఈ పరీక్ష ఇంట్లో మీరూ చేసుకోవచ్చు. చేతులు లేపగానే వేగం బాగా పెరిగితే తప్పు రబ్బరుది, లేదా అద్దం మీద పట్టిన జిడ్డుది. బ్లేడు మార్చి అద్దం కడిగితే సరిపోతుంది. పెరగలేదంటే తప్పు లోపలుంది. కొన్ని కార్లలో వైపర్లు బానెట్ అంచు కింద దాక్కుని ఉంటాయి. వాటిని సర్వీస్ పొజిషన్‌కు తేకుండా లేపితే బానెట్‌కు తగులుతాయి, ఆ పద్ధతి కారు పుస్తకంలో చూసుకోండి. లేపిన చేతి కింద అద్దం మీద మందపాటి తువ్వాలు పరచండి. స్ప్రింగు బలానికి చెయ్యి జారి పడితే అద్దం పగిలిపోతుంది.

తర్వాత కరెంటు చూశాను. వైపర్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, మోటారు ప్లగ్గు దగ్గర 13.7. ఎర్త్ వైపు నష్టం లేనట్టే. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ప్లగ్గు పీకేసి మీటరు పెడతారు, 12 వోల్టులు కనపడగానే లైను బాగుందని తేల్చేస్తారు. కాలిపోయిన స్విచ్ కాంటాక్టు నుంచి కూడా మీటరుకు పూర్తి వోల్టేజీ కనపడుతుంది, మోటారు కరెంటు లాగినప్పుడే అది పడిపోతుంది. అందుకే ప్లగ్గు పెట్టి ఉంచి, వైపర్ నడుస్తుండగానే కొలవాలి. బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఒక వోల్టుకు మించి తేడా వస్తే స్విచ్, రిలే, ఫ్యూజు కాళ్లు, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు వరసగా చూడాలి. తుప్పు పట్టిన ఎర్త్ బోల్టును విప్పి, గీకి, బిగించడంతోనే బాగైన కార్లు ఉన్నాయి.

మాస్టారి కారులో కరెంటు బాగానే ఉంది. ఇక అద్దం కింది ప్లాస్టిక్ కవరు తీశాను. లోపల వేపాకు మట్టిలా కుళ్లి, నీళ్లు పోయే రంధ్రాన్ని పూర్తిగా మూసేసింది. మోటారు తిరుగుడును వైపర్ చేతులకు అందించే రాడ్ల వరసను లింకేజీ అంటాం. అక్కడ నిలిచిన నీళ్ల గుర్తు దాని మీద గీతలా కనపడుతోంది. స్విచ్ ఆపి, బ్యాటరీ తీగ ఊడదీసి, మోటారు నుంచి లింకు రాడ్డు విడదీశాను. మళ్లీ తీగ తగిలించి మోటారును ఒంటరిగా తిప్పితే ఏ ఇబ్బందీ లేకుండా హాయిగా తిరిగింది. రాడ్డును చేత్తో కదిపితే ఎడమ వైపు స్పిండిల్, అంటే వైపర్ చెయ్యి బిగించే ఇరుసు, వేలితో నెట్టినా కదిలింది. డ్రైవరు వైపుది రెండు చేతులతో తిప్పినా కష్టంగా కదిలింది. క్లిప్పు తీసి స్పిండిల్ బయటికి లాగితే ఎర్రటి తుప్పు పొడి రాలింది. నూనె పోసి నానబెట్టి, తెల్లారి సన్న ఎమెరీ పేపరుతో రుద్ది, గ్రీజు పెట్టి బిగించాను. లో స్పీడు 43కి వచ్చింది. ఆయన అంతకుముందు మార్పించిన పాత మోటారుకు కూడా బహుశా ఏ తప్పూ ఉండి ఉండదు.

ఈ పని సొంతంగా చేసేవాళ్లు మోటారు నటు విప్పేముందు వైపర్లు కింద పార్కింగ్‌లో ఉన్నప్పుడు మోటారు ఇరుసుకు బిగించిన చిన్న చెయ్యి, అంటే క్రాంక్, ఏ కోణంలో ఉందో పెయింటుతో గుర్తు పెట్టుకోండి. లేకపోతే బిగించాక వైపర్ అద్దం మధ్యలో ఆగుతుంది. బ్యాటరీ తీగ తీయకుండా లింకేజీలో వేళ్లు పెట్టొద్దు. పార్కింగ్ కోసం మోటారు ఒక్కసారిగా కదిలితే వేలు నలిగిపోతుంది.

స్విచ్ ఆన్‌లో ఉండగా ఆగిపోవడం ఒక రకం. ఆపిన వెంటనే కిందికి వెళ్లకుండా ఉన్నచోటే ఆగిపోవడం వేరే రకం. మోటారు గేరు చక్రం మీద రాగి పట్టీ ఒకటి, దాని మీద జారే సన్నటి కాంటాక్టు వేళ్లు ఉంటాయి. మీరు స్విచ్ ఆపినా, బ్లేడు కిందికి చేరేదాకా ఆ పట్టీయే మోటారుకు కరెంటు ఇస్తుంది. పట్టీ అరిగినా, పాత గ్రీజు నల్లగా గట్టిపడి కప్పేసినా బ్లేడు అద్దం మధ్యలోనే నిలబడుతుంది. చాలా కార్లలో ఆగి ఆగి తిరిగే మోడ్ కూడా దీనివల్లే దెబ్బతింటుంది. మూత తీసి శుభ్రం చేసి, వేళ్లను కొద్దిగా వంచి పట్టీకి ఆనేలా చేస్తే చాలాసార్లు బాగవుతుంది. పట్టీలో గుంట పడితే మాత్రం మార్చాల్సిందే.

లో స్పీడు పనిచేయకుండా హై స్పీడు మాత్రమే పనిచేస్తే, లో స్పీడు తీగలో కరెంటు వస్తోందో లేదో చూడండి. రాకపోతే స్టీరింగ్ పక్కనున్న కాంబినేషన్ స్విచ్, వస్తుంటే మోటారులోని కార్బన్ బ్రష్. మోటారు మీద మెల్లగా తడితే కదిలిందా, బ్రష్ అరిగిపోయిందని దాదాపు ఖాయం. మోటారు శబ్దం వస్తూ ఒక్క బ్లేడే ఆగితే లింకు రాడ్డు బుష్ ఊడి ఉండాలి, లేదా వైపర్ చేతి నటు వదులై ఉండాలి.

ఫ్యూజు పోతోందని ఇంకా పెద్దది మాత్రం వేయకండి. లింకేజీ పట్టేసినప్పుడు మోటారు లాగే కరెంటుకు ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది.

దారిలో వానలో వైపర్ ఆగిపోతే స్విచ్ వెంటనే ఆఫ్ చేయండి. ఆగిన మోటారుకు కరెంటు ఇస్తూ ఉంటే లోపలి తీగచుట్ట కాలిపోవచ్చు. వేగం తగ్గించి, ఇండికేటరు వేసి, రోడ్డు దిగి పెట్రోలు బంకులోనో దాబా ముందో ఆపండి. ఒక పావుగంట చల్లారనిచ్చి మళ్లీ తిప్పండి. కదిలినా వాన తగ్గేదాకా అక్కడే ఉండండి, అది మళ్లీ ఆగుతుంది.