పంట చేతికొచ్చే నెలలకు రుణ వాయిదాలు మార్చుకోవడం: దరఖాస్తు, జత చేయాల్సిన లెక్కలు

మూడు నెలలకోసారి సమానంగా కట్టే వాయిదాలు జీతగాళ్లకు సరిపోతాయి. పొలానికి రాబడి ఏడాదిలో రెండు మూడు నెలల్లోనే వస్తుంది, ఖర్చు మాత్రం మిగతా నెలలన్నిటా ఉంటుంది. అందుకే వాయిదా తేదీలను పంట రాబడికి సరిపెట్టాలని రుణం ఇచ్చిన బ్యాంకును గానీ సహకార సంఘాన్ని గానీ కోరవచ్చు. ఫారం ఎలా ఉంటుందన్నది సంస్థను బట్టి మారుతుంది. నిర్ణయం మాత్రం దానికి జత చేసిన లెక్కల మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇక్కడ ఎక్కువగా వాటి గురించే చెబుతాను.

దరఖాస్తు వాయిదా తప్పకముందే ఇవ్వాలి. బకాయి పడ్డాక ఇస్తే అదే లెక్కను అధికారి మరో కంటితో చూస్తాడు. ముందుగా ఇస్తే అది ప్రణాళిక, తర్వాత ఇస్తే సంజాయిషీ. దరఖాస్తు పత్రంతో పాటు ఇప్పటి వాయిదాల పట్టిక, పంటవారీ ఖర్చుల లెక్క, నిల్వ సరుకు పుస్తకం నకలు, నెలవారీ నగదు పట్టిక జత చేయండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీతో రసీదు తీసుకోండి.

పంట ఖర్చు

ఖర్చును డబ్బు చెల్లించిన తేదీతో పాటు ఏ పంటకు పెట్టారో కూడా రాయాలి. ఈ సీజన్‌లో కొన్న ఎరువు కొంత మిగిలితే, అంత మేరకు అది వచ్చే పంట ఖర్చు. రుణం అసలు తీర్చిన మొత్తాన్ని పంట ఖర్చులో చూపవద్దు. ఖర్చులో వడ్డీ మాత్రమే వస్తుంది. ఈ రెండూ కలిసిపోతే లాభంలో ఉన్న పంట కూడా కాగితం మీద నష్టంలో కనిపిస్తుంది. దరఖాస్తుల్లో తరచుగా కనిపించే తప్పు ఇదే. ఇంటి ఖర్చును పంట లెక్కలోకి రానివ్వవద్దు, కానీ నగదు పట్టికలో తప్పక చూపాలి. ఆ గడి ఖాళీగా ఉంటే మిగతా పట్టికను కూడా నమ్మబుద్ధి కాదు.

నిల్వ సరుకు

గిడ్డంగిలో ఉన్న సరుకు ఆస్తి. అమ్మేదాకా అది వాయిదా కట్టడానికి పనికివచ్చే డబ్బు కాదు. నిల్వ పుస్తకంలో కాటా తూకం, తేమ శాతం, చేరిన తేదీ, బయటికి వెళ్లిన తూకం రాయాలి. విత్తనానికీ ఇంటి వాడకానికీ పక్కన పెట్టినది విడిగా చూపాలి. సరుకును ఎక్కడైనా తాకట్టు పెట్టి ఉంటే అది కూడా రాయాలి, ఎందుకంటే అమ్మిన డబ్బు ముందు ఆ అప్పుకే వెళుతుంది.

విలువ కట్టేటప్పుడు ఆశించే ధర వేయవద్దు. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 41 ప్రకారం, కోసిన పంటకు కోత సమయంలో ఉన్న సరసమైన విలువ నుంచి అమ్మకపు ఖర్చులు తీసేసి విలువ కడతారు. చిన్న పొలం ఈ ప్రమాణం పాటించాల్సిన అవసరం లేకపోవచ్చు. పద్ధతి మాత్రం చక్కనిది: పండించినందుకు వచ్చిన లాభం, ఆగి అమ్మినందుకు వచ్చిన లాభం వేరువేరుగా తెలుస్తాయి.

తరుగును కూడా ముందే లెక్కించాలి. 17 శాతం తేమతో 120 క్వింటాళ్లు లోపల పెట్టారనుకుందాం. తేమ 13 శాతానికి దిగితే 120ని 83తో గుణించి 87తో భాగించాలి. సుమారు 114.5 క్వింటాళ్లు మిగులుతాయి. పురుగు, ఒలికిపోవడం కలిపి మరో అర క్వింటాలు తీసేస్తే 114. ఎవరూ దొంగిలించకుండానే ఆరు క్వింటాళ్లు తగ్గాయి! పుస్తకంలో తేమ రాయకపోతే ఈ తేడా అనుమానానికి దారితీస్తుంది.

నగదు పట్టిక: ఒక ఉదాహరణ

లెక్క తేలికగా ఉండటానికి మొత్తాలన్నీ వేలల్లో చెబుతాను. ఒక పొలానికి 400 అప్పు ఉంది. నెలకు ఒక శాతం వడ్డీ. మూడు నెలలకోసారి అసలు 50, దానితో పాటు వడ్డీ కట్టాలి. ఏడాది మొదట చేతిలో 150 ఉంది. ఇంటి ఖర్చు నెలకు 5.

మొదటి పంటకు మొదటి మూడు నెలల్లో 90, నాలుగో నెలలో 20, మొత్తం 110, ఆపైన ఐదో నెల కోతకు 30 ఖర్చవుతుంది. దిగుబడి 200 క్వింటాళ్లు. కోతలో క్వింటాలు ధర 2. ఆ ధరకు 80 క్వింటాళ్లు అమ్మితే 160 వస్తుంది. మిగిలిన 120 నిల్వ చేస్తే తొమ్మిదో నెలలో 114 క్వింటాళ్లు 2.5 చొప్పున 285 అవుతుంది, గిడ్డంగి ఖర్చు 15. రెండో పంటకు ఆరో నెల నుంచి నెలకు 20 చొప్పున మూడు నెలలు, కోతకు 10 పెడితే పదో నెలలో 120 వస్తుంది.

వాయిదా కట్టకముందు మూడో నెలాఖరుకు చేతిలో మిగిలేది 45. ఆ నెల కట్టాల్సిన వాయిదా 62. అంటే అక్కడే 17 లోటు. అది ఎలాగో సర్దుకున్నా, ఆరో నెలలో మళ్లీ లోటు వస్తుంది, ఎనిమిదో నెలకు అది 50 దాటుతుంది. దాంతో నిల్వ ఉంచాల్సిన సరుకును కోత ధరకే అమ్ముకోవాల్సి వస్తుంది. నిల్వ వల్ల వచ్చే లాభం ఎంత? 285 నుంచి కోత నాటి విలువ 240, గిడ్డంగి ఖర్చు 15 తీసేస్తే 30. అదే 240ని అప్పుకు కట్టి ఉంటే నాలుగు నెలల్లో 9.6 వడ్డీ తగ్గేది కాబట్టి అసలు లాభం సుమారు 20. ఎక్కువేమీ కాదు, కానీ వదులుకోదగ్గదీ కాదు.

దరఖాస్తులో అడగాల్సింది ఇది: ఐదో నెలలో వడ్డీ 20, అసలు 20, పదో నెలలో వడ్డీ 19, అసలు 180. ఎనిమిదో నెలలో కూడా చేతిలో 30 ఉంటుంది. పదో నెల వాయిదా కట్టాక 201 మిగులుతుంది. వచ్చే ఏడాది పెట్టుబడికి, ఈలోపు ఇంటి ఖర్చుకు 160 కావాలి, అది సరిపోతుంది. ఏడాదిలో తీరే అసలు పాత పద్ధతిలో లాగే 200. ఏడాది వడ్డీ మాత్రం 39కి బదులు 43 అవుతుంది. ఆ 4 భరించడానికి సిద్ధమని మీరే రాయండి. అధికారి ఎలాగూ లెక్కవేస్తాడు.

పంట తగ్గిన ఏడాది లెక్క కూడా జత చేయాలి. పై పొలంలో 160 క్వింటాళ్లే పండితే, కోతలో 80 అమ్మాక నిల్వ చేసిన మిగతా 80 తరుగు పోను 76 అవుతుంది; ధర కూడా పెరగకపోతే దాని మీద 285కి బదులు 152 వస్తుంది. 133 తగ్గింది కాబట్టి, 199 కడితే మిగిలే 68తో తర్వాతి పంట వేయలేరు. 160 ఉంచుకుంటే కట్టగలిగింది 107. అందుకని వడ్డీ తప్పక కడతామని, దిగుబడి తగ్గితే అసలులో కొంత మరుసటి కోతకు వాయిదా వేసే షరతు కావాలని దరఖాస్తులోనే అడగాలి. మంచి ఏడాది పట్టికలోనే వాయిదాకు డబ్బు చాలకపోతే సమస్య తేదీలది కాదు. అప్పుడు గడువు పొడిగించమని అడగాలి.

దరఖాస్తు ఇచ్చాక

పొలాన్నీ గిడ్డంగినీ చూడటానికి ఎవరైనా రావచ్చు. పుస్తకంలోని తూకం ఆ రోజు నిల్వతో సరిపోవాలి, కాటా చీటీలు పంట వారీగా కట్టి ఉంచండి. హామీదారు ఉంటే ఆయన సంతకం కూడా అడగవచ్చు.

నోటిమాట అంగీకారంతో వాయిదా ఆపవద్దు. కొత్త వాయిదాల పట్టిక రాతపూర్వకంగా తీసుకుని మూడు విషయాలు సరిచూడండి: ఇంతవరకు కట్టని వడ్డీని అసలులో కలిపారా, వడ్డీ రేటు మారిందా, పాత తేదీన ఖాతా నుంచి డబ్బు దానంతటదే మళ్లే ఏర్పాటు రద్దయిందా. ఈ మూడోది తరచుగా మరచిపోతారు. రద్దు చేయకపోతే ఎరువుకు దాచిన డబ్బు పాత వాయిదా కింద వెళ్లిపోతుంది.