సిల్వర్ క్లోరైడ్ అమ్మోనియాలో కరగడం లేదా? ముందు లిట్మస్ ముంచండి

సమస్య: సాల్ట్ ఎనాలసిస్‌లో క్లోరైడ్ పరీక్ష చేశారు. సజల నైట్రిక్ ఆమ్లం, ఆ తర్వాత సిల్వర్ నైట్రేట్ కలిపితే పెరుగులాంటి తెల్ల అవక్షేపం వచ్చింది. అమ్మోనియా పోస్తే కరిగిపోవాలి. కానీ సగం అడుగునే ఉండిపోయింది. చాలామంది వెంటనే "ఇది బ్రోమైడేమో" అని రాసేస్తారు. అలా రాసే ముందు పరీక్షనాళికలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచి చూడండి. నీలంగా మారకపోతే అందులో స్వేచ్ఛగా ఉన్న అమ్మోనియా లేనట్టే. ఇంతోటి పరీక్షను ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు.

అసలు కారణం: ఆమ్లం అమ్మోనియాను మింగేస్తుంది

వెండి అయాన్‌ను పట్టుకునేది NH₃ మాత్రమే. దానికి ప్రోటాన్ తగిలి NH₄⁺ అయిందంటే వెండికి ఇవ్వడానికి ఎలక్ట్రాన్ జంట మిగలదు. అవక్షేపం పైన ఉన్న తేటలో నైట్రిక్ ఆమ్లం ఇంకా అలాగే ఉంటుంది, మీరు పోసిన అమ్మోనియా మొదట దానికే ఖర్చవుతుంది. లిట్మస్ నీలంగా మారినా గండం గడిచినట్టు కాదు. ఎంత అమ్మోనియా మిగిలిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అది ఇలా:

```
AgCl + 2NH₃ ⇌ [Ag(NH₃)₂]⁺ + Cl⁻
K = Ksp × Kf = (1.8×10⁻¹⁰)(1.7×10⁷) ≈ 3.1×10⁻³
S / (C − 2S) = √K ≈ 0.055
```

ఇక్కడ Ksp అంటే సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం, Kf అంటే వెండి-అమ్మోనియా సంక్లిష్ట అయాన్ ఏర్పడే స్థిరాంకం, S అంటే కరిగిన సిల్వర్ క్లోరైడ్ గాఢత, C అంటే ఆమ్లం తినేయగా మిగిలిన అమ్మోనియా గాఢత. Kf పది మిలియన్లు దాటిందని చూసి మొత్తం కరిగిపోతుందని అనుకోకండి. Ksp తో గుణించాక K విలువ 1 కంటే చాలా తక్కువ. అందుకే పోసిన అమ్మోనియా మోతాదు ఇంత పట్టింపు.

2 మి.లీ. 0.1 M ఉప్పు ద్రావణం, 1 మి.లీ. 2 M నైట్రిక్ ఆమ్లం, 2 మి.లీ. 0.1 M సిల్వర్ నైట్రేట్ తీసుకున్నారనుకుందాం. అవక్షేపం 0.2 మిల్లీమోల్, ఆమ్లం 2 మిల్లీమోల్. దానిమీద నేరుగా 2 మి.లీ. 2 M అమ్మోనియా పోస్తే వచ్చేది 4 మిల్లీమోల్. అందులో సగం ఆమ్లానికే పోతుంది. మిగిలిన 2 మిల్లీమోల్ 7 మి.లీ.లో పలచబడితే C = 0.286 M, S = 0.0142 M. అంటే కరిగేది 0.1 మిల్లీమోల్, సరిగ్గా సగం. లిట్మస్ నీలంగా ఉన్నా అడుగున సగం ఎందుకు మిగిలిందో ఇదే చెబుతుంది.

పరిష్కారం: అవక్షేపం అడుగుకు చేరేదాకా ఆగి, పైన తేటను వంచేయండి. 5 మి.లీ. స్వేదనజలంతో ఒకసారి కడిగి, ఆ నీటినీ వంచేయండి. నీటిలో సిల్వర్ క్లోరైడ్ కరిగేది లీటరుకు 1.3×10⁻⁵ మోల్ మాత్రమే, కాబట్టి కడిగితే పోతుందని భయం వద్దు. ఇప్పుడు 2 M అమ్మోనియా పోయండి. ఈ గాఢత దగ్గర S దాదాపు 0.1 M, అంటే 2 మి.లీ.లో 0.2 మిల్లీమోల్ అంచుమీద కరుగుతుంది. 3 మి.లీ. పోసి కుదిపితే నిక్షేపంగా తేటపడుతుంది. తర్వాత నైట్రిక్ ఆమ్లం కలపండి. తెల్ల అవక్షేపం తిరిగి వస్తే అది క్లోరైడే.

కాగితం మీద లెక్క తప్పుతోందా? అక్కడా ఇదే పొరపాటు. లీటరులో 0.1 మోల్ సిల్వర్ క్లోరైడ్ కరగడానికి ఎంత అమ్మోనియా కావాలని అడిగితే, 0.1 ని 0.055 తో భాగించి 1.8 M అని ఆపేస్తారు. అది చివర్లో స్వేచ్ఛగా మిగలాల్సిన అమ్మోనియా. సంక్లిష్ట అయాన్‌లో చిక్కుకున్న 0.2 M కూడా కలపాలి, జవాబు 2.0 M.

అరుదైనవి: మూత సరిగా పెట్టని సీసాలో అమ్మోనియా ఎగిరిపోయి ఉండొచ్చు, కొత్తది కలుపుకోండి. ఉప్పు మరీ ఎక్కువగా వేస్తే అదనపు క్లోరైడ్ కరగడాన్ని వెనక్కి నెడుతుంది. కడిగాక కూడా కరగకపోతే అప్పుడు బ్రోమైడ్‌ను అనుమానించండి: అంతే అవక్షేపం మీద 2 మి.లీ. 2 M అమ్మోనియా పోస్తే అది కరిగేది నూటికి దాదాపు ఆరు పాళ్లు. అయొడైడ్ అయితే కరిగినట్టే కనిపించదు, రంగూ పసుపే.

తేటపడ్డ అమ్మోనియా-వెండి ద్రావణాన్ని రేపటికని దాచకండి. నిల్వ ఉంటే పేలే స్వభావమున్న నల్లటి సిల్వర్ నైట్రైడ్ ఏర్పడవచ్చు. పరీక్ష కాగానే నైట్రిక్ ఆమ్లంతో ఆమ్లీకరించి, వెండి వ్యర్థాల సీసాలో పోయండి.