డెలివరీ ఉద్యోగి వల్ల ప్రమాదం జరిగితే యజమాని నుంచి పరిహారం ఎలా రాబట్టాలి?

డ్యూటీ టైమ్‌లో గుద్దాడు కాబట్టి యజమాని కట్టాల్సిందేనని చాలామంది అనుకుంటారు. అంత సులువు కాదు. ఆ నిమిషంలో బండి ఎవరి పని మీద తిరుగుతోందన్నదే అసలు ప్రశ్న. దీన్నే పరోక్ష బాధ్యత అంటారు. యజమాని తప్పు చేయకపోయినా, తన పని మీద వెళ్లిన ఉద్యోగి చేసిన తప్పుకు జవాబు చెప్పాలి.

1. ముందు బండి నడిపినవాడి నిర్లక్ష్యాన్ని రుజువు చేయండి. అది తేలకపోతే యజమాని దాకా వెళ్లే దారే లేదు. పోలీసు ఫిర్యాదు, సీసీ కెమెరా దృశ్యాలు, సాక్షుల ఫోన్ నంబర్లు వెంటనే సేకరించండి. చాలా కెమెరాల్లో పాత రికార్డింగు మీదే కొత్తది ఎక్కేస్తుంది.

2. అతను ఉద్యోగా, సొంతంగా పని చేసే కాంట్రాక్టరా తేల్చుకోండి. కాగితం మీద ‘భాగస్వామి’ అని రాసినంత మాత్రాన తేలిపోదు. పనివేళలు, రూటు, రేటు ఎవరు నిర్ణయిస్తున్నారో, పని మానేస్తే శిక్ష ఉందో చూడాలి. యాప్ ద్వారా పనిచేసేవాళ్ల కేసులు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటాయి. పైగా దేశాన్ని బట్టి జవాబు మారుతుంది.

3. దారిని నిమిషాలవారీగా గీయండి. ఉదాహరణకు 2:10కి పార్సిల్ తీసుకున్నాడు, 2:40కి అసలు రూటుకు అర కిలోమీటరు పక్కన గుద్దాడు, పార్సిల్ ఇంకా సంచిలోనే ఉంది. పెట్రోలు కోసం పక్కకు తిరిగి ఉంటే అది పనిలో భాగమే. పార్సిల్ పక్కనపెట్టి ఊరి అవతల స్నేహితుడి ఇంటికి బయల్దేరి ఉంటే యజమాని తప్పించుకోవచ్చు. 1869లో ఇంగ్లండ్‌లో స్టోరీ వర్సెస్ యాష్టన్ కేసులో జరిగిందదే. వైన్ అందించి ఖాళీ సీసాలతో తిరిగొస్తున్న బండివాడు, వెంట ఉన్న గుమాస్తా సొంత పని కోసం వేరే దారి పట్టి ఒకరిని గుద్దాడు. యజమాని బాధ్యుడు కాదని కోర్టు తేల్చింది.

‘వేగంగా వెళ్లొద్దని మేం ముందే చెప్పాం’ అని యజమాని అంటే కంగారు పడకండి. పని చేసే తీరుపై పెట్టిన నిషేధాన్ని మీరినా, చేస్తున్నది యజమాని పనే. 1862 నాటి ఇంగ్లండ్ లింపస్ కేసులో గుర్రపు బస్సులు పోటీపడి నడపొద్దని డ్రైవర్లకు ఆదేశం ఉన్నా, బస్సు కంపెనీని బాధ్యురాలిగానే పట్టుకున్నారు.

4. యజమానికి రిజిస్టర్డ్ లేఖ రాయండి. ఆర్డరు వివరాలు, జీపీఎస్ జాడ, హాజరు పట్టీ, బండి బీమా పత్రాలు చెరిపేయకుండా భద్రపరచమని తేదీ, సమయం వేసి కోరండి. దారి రుజువు చేసేది ఎక్కువగా ఆ జీపీఎస్సే, అది వాళ్ల చేతిలోనే ఉంటుంది.

5. దావాలో డ్రైవరును, యజమానిని, బీమా సంస్థను కలిపి చేర్చండి. యజమాని బాధ్యుడని తేలినా డ్రైవరు బాధ్యత పోదు. అయితే సొంత వాడకానికి తీసుకున్న బండి పాలసీ డెలివరీ పనికి వర్తించకపోవచ్చు, అందుకే పాలసీ షరతులు ముందే చదవండి. దావా గడువు ఎంతో మొదటి వారంలోనే లాయరును అడిగి రాసిపెట్టుకోండి.